సీడ్ ఒకటే అయినా చెట్లు ఎందుకు చోటు మారుతున్నాయి?

ప్రశ్న: యూనిటీలో 2డి సర్వైవల్ గేమ్ చేస్తున్నాను. నా ఫోన్‌లో, ఫ్రెండ్ ఫోన్‌లో ఒకే సీడ్ ఇస్తే కొండలు, చెరువులు ఒకేలా వస్తున్నాయి. చెట్లు, నిధి పెట్టెలు మాత్రం వేరే వేరే చోట్ల వస్తున్నాయి. `Random.InitState(seed)` మొదట్లోనే పెట్టాను. తప్పెక్కడ ఉంది?

జవాబు:

తప్పు సీడ్‌లో లేదండీ, రాండమ్ నంబర్లు తీసుకునే వరసలో ఉంది. చెట్లకు, పెట్టెలకు `Random.Range` మానేయండి. సీడ్, x, y ఈ మూడింటి నుంచి నేరుగా లెక్కగట్టిన నంబరు వాడండి. ఇప్పుడు కనిపిస్తున్న తేడా దీంతోనే పోతుంది. కొండలు కలిసి చెట్లు కలవకపోవడం అన్నది ఈ తప్పుకి దాదాపు గుర్తు లాంటిది. ఎందుకో చెప్తాను, దాంతోపాటు మీకు త్వరలో ఎదురయ్యే ఇంకొన్ని తేడాలు కూడా.

`Random.InitState(seed)` అనగానే ఒక పొడవైన నంబర్ల వరస ఖాయమవుతుంది. ఆ తర్వాత ఎవరు అడిగితే వాళ్లకి వరసలో తర్వాతి నంబరు వస్తుంది. ఆసుపత్రిలో ఓపీ టోకెన్ లాగా అన్నమాట. మీ టోకెన్ మీ పేరును బట్టి రాదు, మీరు ఎప్పుడొచ్చారన్న దాన్ని బట్టి వస్తుంది.

ఉదాహరణకి మీ సీడ్ వరస 7, 3, 9, 1, 4, 8 అనుకుందాం. ఆటలో మ్యాప్ చంక్‌లుగా, అంటే చిన్న చదరపు ముక్కలుగా తయారవుతుంది, ఒక్కో చంక్ రెండేసి నంబర్లు తీసుకుంటుంది. మీరు ఆట మొదలుపెట్టి తూర్పుకి నడిచారు. (0,0) చంక్‌కి 7, 3 వచ్చాయి, (1,0) చంక్‌కి 9, 1 వచ్చాయి. మీ ఫ్రెండ్ ముందు ఉత్తరానికి వెళ్లి చూసి, వెనక్కొచ్చి తూర్పుకి వెళ్లాడు. అతని ఆటలో 9, 1 అన్నవి (0,1) చంక్‌కి పోయాయి, (1,0)కి 4, 8 మిగిలాయి. సీడ్ ఒకటే, వరస ఒకటే, చెట్లు మాత్రం వేరు. ఇద్దరూ ఒకే దిక్కుకి నడిస్తే మ్యాప్ కలుస్తుంది, అందుకే టెస్టింగ్‌లో ఈ తప్పు చాలాసార్లు దొరకదు.

పైగా `UnityEngine.Random` మొత్తం గేమ్‌కి ఒక్కటే. శత్రువుకి దెబ్బ తగిలినప్పుడు నాలుగు శబ్దాల్లో ఒకటి ఎంచుకోవడానికి మీరు ఎక్కడో ఒక స్క్రిప్టులో `Random.Range(0, 4)` రాసి ఉంటే, అది కూడా ఇదే వరసలోంచి ఒక నంబరు లాగేసుకుంటుంది. అంటే ఒక గబ్బిలాన్ని కొట్టారా లేదా అన్న దాన్ని బట్టి తర్వాతి చంక్‌లో నిధి పెట్టె జరిగిపోతుంది.

మరి కొండలు ఎందుకు కలిశాయి? వాటికి మీరు `Mathf.PerlinNoise(x, y)` వాడి ఉంటారు. దానికి వరస అన్నదే లేదు. ఈ చోటు ఇస్తే ఈ విలువ, అంతే. ఎవరు ముందు అడిగినా, ఎన్నిసార్లు అడిగినా మారదు. ఇది టోకెన్ కాదు, డోర్ నంబరు. చెట్లను, పెట్టెలను కూడా డోర్ నంబరు పద్ధతికి తీసుకురావడమే మనం చేయాల్సిన పని.

```csharp
static uint Mix(uint h)
{
    unchecked {
        h ^= h >> 16; h *= 0x7feb352d;
        h ^= h >> 15; h *= 0x846ca68b;
        return h ^ (h >> 16);
    }
}

static uint At(uint seed, int x, int y, uint salt)
{
    unchecked {
        uint h = Mix(Mix(seed) ^ salt);
        h = Mix(h ^ (uint)x);
        return Mix(h ^ (uint)y);
    }
}
```

`Mix` పని బిట్లను బాగా కలియతిప్పడం. పక్కపక్క గడులకు కూడా పొంతన లేని నంబర్లు రావాలంటే ఈ కలియతిప్పడం అవసరం. `salt` ఎందుకంటే, ఒకే గడిలో చెట్టుకి ఒక నంబరు, పుట్టగొడుగుకి ఇంకో నంబరు కావాలి. చెట్లకి 1, పుట్టగొడుగులకి 2 అని ఒకసారి ఖాయం చేసుకుని ఇక ముట్టుకోకండి. పాత పద్ధతిలో కొత్తగా పుట్టగొడుగులు చేర్చగానే వరసలో అదనపు నంబర్లు ఖర్చయ్యి, ఆ తర్వాత వచ్చే చెట్లన్నీ జరిగిపోతాయి. ఇక్కడ ఆ గొడవ లేదు.

చాలామంది దీనికి ఒక అడ్డదారి చెప్తారు: ప్రతి చంక్ మొదట్లో `Random.InitState(seed + x * 1000 + y)` అని పెట్టేయమని. నేనూ మొదట్లో అదే చేశాను. పని చేసినట్టే ఉంటుంది. కానీ (0,1000) చంక్‌కీ (1,0) చంక్‌కీ ఒకే నంబరు వస్తుంది, అంటే దూరంగా ఎక్కడో అచ్చంగా అదే అడవి మళ్లీ కనిపిస్తుంది. `seed + x + y` అని రాసినవాళ్లయితే ఇంకా పాపం, ఐమూలగా వెళ్లే గీత మీదున్న చంక్‌లన్నీ కవలలే.

ఇంకో చిన్న గోతి: C#లో `-1 / 16` చేస్తే 0 వస్తుంది, -1 రాదు. అలా రాస్తే సున్నాకి రెండు పక్కలా ఉన్న గడులు ఒకే చంక్‌లో పడతాయి. చంక్ సైజు 16 అయితే `x >> 4` వాడండి, మైనస్ వైపు కూడా సరిగ్గా వస్తుంది.

ఇక్కడితో అయిపోయిందనుకుంటారు, కానీ వరస మళ్లీ దొడ్డిదారిన వస్తుంది. "రెండు చెట్ల మధ్య కనీసం రెండు గడులు ఖాళీ ఉండాలి" లాంటి నియమం పెట్టగానే వస్తుంది. మామూలుగా ఎలా రాస్తాం? ఈ గడిలో చెట్టు పెట్టబోయే ముందు, చుట్టుపక్కల ఇప్పటికే చెట్టు ఉందా అని చూస్తాం. ఆ "ఇప్పటికే" అన్న మాటే దొంగ. గడి (15,4) ఒక చంక్‌లో చివరిది, గడి (16,4) పక్క చంక్‌లో మొదటిది. ఏ చంక్ ముందు తయారైతే దాని చెట్టు నిలుస్తుంది, రెండోది ఆగిపోతుంది. మీకు చెట్టు (15,4)లో ఉంటే మీ ఫ్రెండ్‌కి (16,4)లో ఉంటుంది. ఇలాంటి తేడాలు చంక్ అంచుల్లోనే వస్తాయి కాబట్టి, రెండు ఫోన్ల స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు నిలువు, అడ్డ గీతల వెంట కనిపిస్తాయి. అలా కనిపిస్తే కారణం ఇదే అని వెంటనే చెప్పేయొచ్చు.

దీనికి నేను వాడే పద్ధతి ఊళ్లో వేలంపాట లాంటిది. ప్రతి గడికీ `At(seed, x, y, 1)` ఒక నంబరు ఇస్తుంది కదా, దాన్ని ఆ గడి పాటగా అనుకోండి. తన చుట్టూ రెండేసి గడుల దూరం వరకు, అంటే 5×5 చదరంలో, తన పాటే అందరికంటే పెద్దదైతే ఆ గడికి చెట్టు. లేకపోతే లేదు. (15,4) తన జవాబు తేల్చుకోవడానికి (16,4) పాటను అడుగుతుంది. పక్క చంక్ ఇంకా తయారు కాకపోయినా ఫర్వాలేదు, ఆ నంబరు ఎప్పుడైనా లెక్కగట్టొచ్చు. ఇద్దరు విజేతలు రెండు గడుల దూరంలోపు ఉండటం అసాధ్యం (నంబర్లు సమానమైతే తప్ప. అప్పుడు x, తర్వాత y చూసి తేల్చేయండి). ఖర్చు కూడా తక్కువే: ఒక 16×16 చంక్‌లో 256 గడులు, ఒక్కోదానికి 25 పాటలు, మొత్తం 6,400 లెక్కలు. మామూలు ఫోన్‌కి ఇది లెక్కలోకి రాని పని.

నిధి పెట్టెలకి ఇంత అక్కర్లేదు. లోకాన్ని 32×32 గడుల పెద్ద చదరాలుగా విడగొట్టండి. ఒక్కో చదరంలో x ఎక్కడ అన్నది ఒక సాల్ట్‌తో, y ఎక్కడ అన్నది ఇంకో సాల్ట్‌తో అడగండి, 32తో భాగించి శేషం తీసుకోండి. చదరానికి ఒక పెట్టె. కొన్ని చదరాలు ఖాళీగా ఉండాలంటే మూడో సాల్ట్‌తో అడిగి వదిలేయండి.

ఇక కొండల సంగతి. అవి ఇప్పుడు కలుస్తున్నాయి కాబట్టి వదిలేయాలని ఉంటుంది, కానీ అక్కడా ఒక ఇబ్బంది పొంచి ఉంది. `Mathf.PerlinNoise`కి సీడ్ ఇచ్చే వీలు లేదు. అందుకే అందరిలాగే మీరు కూడా x, yలకి సీడ్‌ని కలిపి ఉంటారు. సీడ్ 42 అయితే ఏమీ కాదు. ఎవరో ప్లేయర్ 10,00,000 అని ఇచ్చాడనుకోండి. ఫ్లోట్‌లో ఉండేది 24 బిట్ల ఖచ్చితత్వమే. పది లక్షల దగ్గర రెండు పక్కపక్క ఫ్లోట్ విలువల మధ్య దూరం 0.0625. మీరు గడికి 0.05 చొప్పున నాయిస్‌లో ముందుకి జరుగుతుంటే, అడుగు కన్నా ఆ దూరమే పెద్దదైపోయింది. కొన్ని పక్క గడులకు ఒకే ఎత్తు వచ్చి, కొండలు మెట్లు మెట్లుగా తయారవుతాయి. అలాంటి స్క్రీన్‌షాట్ ఎవరైనా పంపితే ముందు సీడ్ ఎంతో అడగండి. మైన్‌క్రాఫ్ట్ పాత వెర్షన్లలో మధ్య నుంచి 1,25,50,821 బ్లాకుల దూరం వెళ్తే భూమి చీలిపోయి గోడల్లా తయారయ్యే "ఫార్ ల్యాండ్స్" కూడా నాయిస్‌కి ఇచ్చే అంకెలు హద్దు దాటడం వల్ల వచ్చినవే, కాకపోతే అక్కడ దెబ్బతిన్నది పూర్ణాంకాల హద్దు.

సీడ్‌ని పక్కకి జరపడం కాకుండా నాయిస్ లోపలికే పంపడం మంచి దారి. కెన్ పెర్లిన్ 1985లో ప్రచురించిన పద్ధతి మూలం చాలా సింపుల్: లోకం మీద ఒక గడుల వల పరిచి, వల ముడుల దగ్గర మాత్రమే రాండమ్ విలువలు పెట్టి, మధ్యలో నున్నగా కలపడం. (ఆయన ముడుల దగ్గర వాలు దిశలు పెట్టారు. నేను కింద సులువు కోసం నేరుగా ఎత్తులు పెడుతున్నాను, దీన్ని వాల్యూ నాయిస్ అంటారు.) ముడి దగ్గర విలువ ఎక్కడి నుంచి? మన `At` నుంచే. సీడ్ అందులోనే ఉంది కాబట్టి జరపాల్సిన పని లేదు.

దీన్ని పూర్తిగా పూర్ణాంకాలతో చేయమని నా సలహా. ఎందుకో ముందు నా అనుభవం చెప్తాను.

కొన్నేళ్ల కిందట ఇద్దరు కలిసి ఆడే ఒక చిన్న గేమ్‌కి పని చేశాను. ఒకరు పీసీ మీద, ఒకరు ఫోన్ మీద ఆడొచ్చు. మ్యాప్ నెట్‌వర్క్‌లో పంపేవాళ్లం కాదు, సీడ్ మాత్రమే పంపేవాళ్లం. ఒక ఫిర్యాదు వచ్చింది: "నా ఫ్రెండ్ రాయిలోంచి నడిచి వెళ్తున్నాడు, చీట్ చేస్తున్నాడు" అని. రెండు రోజులు నెట్‌వర్క్ కోడ్ తవ్వాం. చివరికి చూస్తే అతను నడిచింది గడ్డి మీదే. అతని ఫోన్‌లో ఆ గడి గడ్డి, ఇతని పీసీలో అదే గడి రాయి. మా నియమం "ఎత్తు 0.62 దాటితే రాయి". ఆ గడి ఎత్తు సరిగ్గా ఆ గీత మీదే ఉంది, చివరి బిట్‌లో తేడా వచ్చి ఒకరికి ఇటు, ఒకరికి అటు పడింది.

చివరి బిట్‌లో తేడా ఎలా వస్తుంది? కూడిక, గుణకారం లాంటివి ఒక్కొక్కటిగా చూస్తే ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం ఎక్కడైనా ఒకే జవాబు ఇస్తాయి. కానీ `a * b + c` అని రాస్తే, ఏఆర్ఎమ్ చిప్ కోసం కంపైలర్ రెండింటినీ కలిపి ఒకే సూచనగా మార్చేయొచ్చు. అప్పుడు రెండుసార్లు కాకుండా ఒక్కసారే రౌండ్ అవుతుంది. నిజానికి అది ఇంకా కచ్చితమైన జవాబే, కానీ పీసీ జవాబు కాదు. `sin`, `pow` అయితే ఒకే జవాబు వస్తుందన్న హామీ కూడా లేదు. అందుకే షేడర్లలో అందరూ కాపీ కొట్టే ఈ లైన్‌ని మ్యాప్ కోసం అస్సలు వాడకండి:

```glsl
fract(sin(dot(p, vec2(12.9898, 78.233))) * 43758.5453)
```

`sin`లో వచ్చిన చిన్న తేడాని ఇది 43 వేల రెట్లు పెంచి చూపిస్తుంది. గడ్డి రంగులో మచ్చలు వేయడానికి ఓకే, నిధి ఎక్కడుందో చెప్పడానికి కాదు.

మా టీమ్‌లో ఒకతను "ఎత్తుని మూడు దశాంశాలకి రౌండ్ చేసేద్దాం" అన్నాడు. వినడానికి బాగుంటుంది, కానీ రౌండ్ చేసినా గీత పోదు, వేరే చోటికి మారుతుంది. 0.6205 దగ్గర ఉన్న గడి ఒక చోట 0.620, ఇంకో చోట 0.621 అవుతుంది. ఫిర్యాదులు తగ్గవు, గడులు మారతాయి.

పూర్ణాంకాల పద్ధతి ఇలా ఉంటుంది. వల ముడుల మధ్య దూరం 16 గడులు పెట్టుకోండి. అప్పుడు రెండు ముడుల మధ్య ఒక గడి స్థానం 0 నుంచి 15 వరకు ఏదో ఒక పూర్ణాంకం. నున్నగా కలపడానికి పెర్లిన్ 2002లో ఇచ్చిన వక్రరేఖ `6t^5 - 15t^4 + 10t^3`. దీన్ని ఆడేటప్పుడు లెక్కగట్టక్కర్లేదు. 16 విలువలే కాబట్టి ముందే 1024తో గుణించి కోడ్‌లో పట్టికగా రాసేయండి. 0 దగ్గర 0, 4 దగ్గర 106, 8 దగ్గర 512, 12 దగ్గర 918. ఇలా మిగతావీ.

ఇప్పుడు ఎడమ ముడి ఎత్తు 200, కుడి ముడి ఎత్తు 40 అనుకోండి (రెండూ `At(...) & 255` ఇచ్చినవి, `int`లోకి మార్చుకున్నాక). నాలుగో గడి ఎత్తు: `200 + (40 - 200) * 106 / 1024`. లబ్ధం -16,960, దాన్ని 1024తో భాగిస్తే C#లో -16, జవాబు 184. పీసీలో 184, పాత ఫోన్‌లో 184, కొత్త ఫోన్‌లో 184. పై ముడుల జతకీ కింది ముడుల జతకీ ఇలా చేసి, ఆ రెండు జవాబుల్ని y దిశలో మళ్లీ ఇలాగే కలపండి. పెద్ద కొండలకి 64 గడుల వల, చిన్న గుట్టలకి 16 గడుల వల వేసి కూడితే కొండలు సహజంగా కనిపిస్తాయి. ప్రతి వలకి సాల్ట్ వేరుగా ఉండాలి, లేకపోతే సున్నా దగ్గర అన్ని వలల ముడులూ ఒకే విలువ తీసుకుని అక్కడ ప్రతి సీడ్‌లోనూ వింత గుట్టో గొయ్యో వస్తుంది.

ఫ్లోట్‌ని పూర్తిగా బహిష్కరించమనడం లేదు. నీడలు, రంగులు, గాలికి ఊగే ఆకులు, అన్నీ ఫ్లోట్‌లోనే చేసుకోండి. "రాయా, గడ్డా" అని తేల్చే చోట మాత్రం పూర్ణాంకమే ఉండాలి.

మీరు అడగలేదు కానీ, సీడ్‌గా మాట టైప్ చేయనిస్తే ఇంకో జాగ్రత్త. `string.GetHashCode()` వాడకండి. కొత్త డాట్‌నెట్‌లో అది ప్రోగ్రామ్ నడిపిన ప్రతిసారీ వేరే విలువ ఇస్తుంది, పైథాన్‌లో `hash()` కూడా మాటలకి అంతే. జావాలో మాత్రం సూత్రం ఖాయం. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ మాట సీడ్లకి దాన్నే వాడుతుంది కాబట్టి అక్కడ మాటలతో చేరగలిగిన లోకాలు దాదాపు 429 కోట్లే, అంకెలతో అయితే అంతకన్నా చాలా ఎక్కువ. మీరు FNV-1a లాంటి చిన్న సూత్రం సొంతంగా రాసుకోండి: 2166136261తో మొదలుపెట్టి, ప్రతి బైట్‌తో ఎక్స్ఆర్ చేసి 16777619తో గుణించడమే.

తెలుగులో టైప్ చేసేవాళ్లు ఉంటే ఇది ఇంకా ముదురుతుంది. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు మాటలు లోపల వేరుగా ఉండొచ్చు. ఐత్వం (ై) ఒకే అక్షర సంకేతంగా ఉండొచ్చు, U+0C46, U+0C56 అని రెండు ముక్కలుగానూ ఉండొచ్చు. పొల్లు తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉండొచ్చు. ఫోన్ కీబోర్డ్ చివర్లో తనంతట తాను ఒక ఖాళీ చేరుస్తుంది, అది మరీ మామూలు. హ్యాష్ చేసే ముందు `Trim()`, తర్వాత `Normalize(NormalizationForm.FormC)`, ఆపైన U+200C, U+200D తీసేయడం, చివరికి యూటీఎఫ్-8 బైట్లు. ఈ వరసలో చేయండి. ఇంకా మంచిది, షేర్ చేసేటప్పుడు మాట కాకుండా దాని నుంచి వచ్చిన అంకెనే చూపించండి.

ఆ షేర్ కోడ్ ముందు జనరేటర్ వెర్షన్ నంబరు తప్పకుండా పెట్టండి, `3-2840917` అన్నట్టు. రేపు మీరు చెట్ల దూరం 2 నుంచి 3కి మార్చినా అది వేరే లోకమే. 2021 చివర్లో వచ్చిన మైన్‌క్రాఫ్ట్ 1.18లో కొండల లెక్క పూర్తిగా మారింది. పాత సీడ్లు కొత్త వెర్షన్‌లో వేరే లోకాలు ఇచ్చాయి, పాత సేవ్‌లో కొత్త భూమి పాతదానికి అతుక్కోవడానికి ప్రత్యేకంగా అంచులు కలిపే పని చేయాల్సి వచ్చింది. మీది చిన్న గేమ్ కాబట్టి పాత జనరేటర్ ఫైలుని అలాగే ఉంచి, కోడ్‌లో 3 ఉంటే పాతది, 4 ఉంటే కొత్తది పిలిస్తే సరిపోతుంది. ప్లేయర్ నరికిన చెట్లు, తెరిచిన పెట్టెల జాబితా సేవ్‌లో విడిగా ఉంచండి, మ్యాప్‌ని సేవ్ చేయక్కర్లేదు.

ఇవన్నీ మార్చాక ఎలా చూసుకోవాలంటే: (0,0), (-1,-1), (1000,-700) ఈ మూడు చంక్‌లని రెండు ఫోన్లలోనూ, ఒక పీసీలోనూ తయారుచేసి, ఒక్కో చంక్‌కి ఎత్తుల చెక్‌సమ్ విడిగా, చెట్లది విడిగా, పెట్టెలది విడిగా లాగ్‌లో రాయండి. ఒక ఫోన్‌లో చంక్‌లని తిరగేసిన వరసలో తయారుచేయండి, అది మర్చిపోవద్దు. ఎత్తులు తేడా వస్తే ఎక్కడో ఫ్లోట్ మిగిలింది. ఎత్తులు కలిసి చెట్లు తేడా వస్తే ఎక్కడో "ఇప్పటికే" మిగిలింది. (-1,-1) ఒక్కటే పాడైతే భాగహారం చూడండి. ఇవేవీ కాకపోతే చంక్ తయారుచేసే ఫంక్షన్ ఇక్కడ పెట్టండి, చూస్తాను.